మీటింగ్ ఆహ్వానంలో తేదీ, టైము, టైమ్ జోన్: ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది

ముందుగా ఒక ఆహ్వానం చూడండి.

```
రిలీజ్ కాల్: 06/03 శనివారం రాత్రి 12.30 IST / 1 PM CST
తర్వాత ఐదు వారాలు ఇదే టైముకు
```

వరంగల్ దగ్గరి మడికొండ ఐటీ పార్కులో పనిచేసే ఒక టీమ్ దీన్ని డల్లాస్‌కు, లండన్‌కు పంపబోతోందని అనుకుందాం. సంవత్సరం 2027. డల్లాస్‌లో ఒక గోడౌన్ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పని ఆపుతుంది. ఆ తర్వాతే అక్కడి సాఫ్ట్‌వేర్ మార్చడానికి వీలవుతుంది. ఆ టైముకు మడికొండలో నలుగురు ఆఫీసులో ఉండాలి, లండన్ నుంచి ఒకరు కాల్‌లో చేరాలి. మొత్తం ఐదు శనివారాల పని.

చదివితే అంతా రాసినట్టే ఉంది. తేదీ, వారం, టైము, రెండు ఊళ్ల లెక్క, అన్నీ ఉన్నాయి. అయినా ఇలాగే పంపితే మొదటి వారమే ఎవరో ఒకరు ఇరవై నాలుగు గంటలు ముందు కూర్చుంటారు, మూడో వారంలో సగం మంది గంట ఆలస్యంగా వస్తారు. మా ఆఫీసులో బయటికి వెళ్లే ఆహ్వానాలు సరిచూసే పని నాది. నేను మార్చేవాటిలో స్పెల్లింగులకన్నా ఇలాంటివే ఎక్కువ. పై రెండు లైన్లనే పట్టుకుని, ఒక్కో చోట మన ముందున్న పద్ధతులేమిటి, ఏది తీసుకోవాలి అన్నది చూద్దాం.

తేదీ: అంకెలా, అక్షరాలా

06/03 అంటే మనకు మార్చి 6. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి డల్లాస్‌లో అది జూన్ 3. చాలామందికి ఇది తెలుసు, అయినా దొర్లుతూనే ఉంటుంది. ఎందుకంటే నెలలో మొదటి పన్నెండు రోజులకే ఈ తికమక వస్తుంది. 20/03 అని రాస్తే ఇరవయ్యో నెల ఉండదు కాబట్టి ఎవరైనా సరిగ్గానే చదువుతారు. మూడు వారాలు ఏ గొడవా లేకుండా నడిచిన అలవాటు నాలుగో వారం దెబ్బతీస్తుంది.

ఈ ఆహ్వానాన్ని కొంత కాపాడుతున్నది 'శనివారం' అన్న మాట. 2027 మార్చి 6 శనివారం, జూన్ 3 గురువారం. జూన్ అనుకుని క్యాలెండర్ తెరిచినవాళ్లకు వారం కుదరదు, అక్కడ ఆగి అడుగుతారు. అందుకే వారం పేరు ఎప్పుడూ వదలకూడదు. తేదీలో తప్పు దొర్లితే దాన్ని పట్టించేది అదే. ఆహ్వానం సరిచూసేటప్పుడు నేను మొదట చేసే పని కూడా తేదీకీ వారానికీ పొత్తు కుదురుతుందా అని చూడటమే.

2027-03-06 అన్న పద్ధతి కూడా ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ఇదే, ఫైళ్ల పేర్లకు, లాగ్‌లకు, ఎక్సెల్ షీట్లకు ఇదే మంచిది, వరసగా పేర్చితే తేదీలు వాటంతటవే క్రమంలో వస్తాయి. కానీ మనుషులు చదివే ఆహ్వానంలో నేను దీన్ని వాడను. ఫోన్‌లో హడావిడిగా చూసేవాళ్లకు నెల పేరు అక్షరాల్లో కనిపించినంత తొందరగా ఇది ఎక్కదు. 'శనివారం, 6 మార్చి 2027' అని రాస్తే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో పంపితే నెల పేరును మూడక్షరాలకు కుదించినా ఫరవాలేదు, అంకెగా మాత్రం మార్చొద్దు.

'వచ్చే శనివారం' అని రాయడం అన్నిటికన్నా ప్రమాదం. గురువారం నాడు ఆ మెసేజ్ పెడితే "అన్నా, వచ్చే శనివారమంటే ఎల్లుండా, పైవారమా?" అని అడిగేవాళ్లు నయం. అడగకుండా తమకు తోచింది రాసుకునేవాళ్లతోనే ఇబ్బంది. పైగా మెసేజ్ ఫార్వర్డ్ అయ్యి రెండ్రోజుల తర్వాత ఇంకొకరికి చేరితే ఆ మాటకు అర్థమే మారిపోతుంది.

అర్ధరాత్రి ఏ రోజుకు చెందుతుంది

నా లెక్కలో ఈ ఆహ్వానంలోని పెద్ద తప్పు ఇక్కడే ఉంది. డల్లాస్‌లో మార్చి 6 శనివారం మధ్యాహ్నం ఒంటిగంట అయినప్పుడు మనకు రాత్రి 12:30. మన నోట అది 'శనివారం రాత్రి పన్నెండున్నర'. తెల్లారేదాకా మనకు రోజు మారదు, పంచాంగం కూడా సూర్యోదయం నుంచే వారాన్ని లెక్కపెడుతుంది. క్యాలెండర్ యాప్‌కు మాత్రం అప్పటికే మార్చి 7, ఆదివారం వచ్చేసింది.

కాజీపేటలో అర్ధరాత్రి దాటాక బండి ఎక్కినవాళ్లకు ఇది బాగా తెలుసు. టికెట్ మీద 7వ తేదీ 00:20 అని ఉంటే 6వ తేదీ రాత్రే స్టేషన్‌కు పోవాలి. ఆహ్వానం తయారుచేసేవాళ్లు దీన్ని తిరగేసి చేస్తుంటారు. మెసేజ్‌లో '06/03 శనివారం రాత్రి 12.30' అని చూసి క్యాలెండర్‌లో మార్చి 6, 12:30 AM పెట్టేస్తారు. అది శుక్రవారం రాత్రి. సరిగ్గా ఒక రోజు ముందు.

ఇలా జరిగిందని కనిపెట్టడం తేలికే. ఆహ్వానాన్ని డల్లాస్ టైములో చూస్తే శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట అని కనిపిస్తుంది. ఆ టైములో గోడౌన్‌లో సరుకు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మన ఊరి టైములో ఎంతసేపు చూసినా దొరకని తప్పు అవతలి ఊరి టైములో ఒక్క చూపులో దొరుకుతుంది.

మరి ఎలా రాయాలి? 'శనివారం రాత్రి 12:30' అని వదిలేస్తే పైన చెప్పిన చిక్కు. 'ఆదివారం 12:30 AM' అంటే లెక్కకు సరైనదే, కానీ ఆదివారం అన్న మాట చూసి ఆదివారం రాత్రి అనుకునేవాళ్లు ఉంటారు. AM ను గమనించక మధ్యాహ్నం పన్నెండున్నర అనుకునేవాళ్లూ ఉంటారు. '00:30' అంటే పగలా రాత్రా అన్న సందేహం పోతుంది, ఏ రాత్రి అన్నది మాత్రం మిగులుతుంది.

దీనికి మన పెళ్లికార్డుల్లో ఎప్పటినుంచో ఒక దారి ఉంది. రాత్రి ముహూర్తమైతే 'శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం' అని వేస్తారు. రెండు రోజుల పేర్లూ కనిపిస్తాయి, ఏది ముందో తెలుస్తుంది, ఇంకో అర్థానికి చోటుండదు. ఆఫీసు మెసేజ్‌లో కూడా నేను ఇదే ఎంచుకుంటాను: 'శనివారం 6 మార్చి రాత్రి, తెల్లవారితే ఆదివారం 7 మార్చి, 12:30 గంటలకు'. కొంచెం పొడుగవుతుంది. నాలుగు మాటలు ఎక్కువైనా, రాత్రిపూట క్యాబ్ వేసుకుని అనవసరంగా మడికొండ దాకా వచ్చే శ్రమకన్నా అది తక్కువే. క్యాలెండర్‌లో మాత్రం 7వ తేదీనే పెట్టాలి. లండన్‌వాళ్లకు ఇంగ్లిష్‌లో రాస్తే ఇలా:

```
Sunday 7 March 2027, 00:30 (Saturday night) in Warangal
```

ఒకవేళ మీటింగ్ సరిగ్గా 12:00 కే పడితే దాన్ని 12:15 కు జరపండి. 12 PM అంటే మధ్యాహ్నం, 12 AM అంటే అర్ధరాత్రి అన్న వాడుక ఉన్నా, తిరగేసి చదివేవాళ్లు ప్రతి టీమ్‌లో ఉంటారు. 'మార్చి 7 అర్ధరాత్రి' అంటే ఆ తేదీ మొదలయ్యేదా, ముగిసేదా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేరు.

జోన్ పేరు: పొట్టి అక్షరాలా, ఊరి పేరా

IST మనకు భారత కాలమానం. ఐర్లండ్‌లో ఎండాకాలపు టైముకూ, ఇజ్రాయెల్ టైముకూ అవే మూడక్షరాలు. CST అమెరికాలో సెంట్రల్ టైము, చైనా టైముకూ అదే పొట్టిపేరు. మన ఆహ్వానం వెళ్లేది డల్లాస్‌కూ లండన్‌కూ కాబట్టి ఎవరూ చైనా అనుకోరు. అయినా CST ఇక్కడ వేరే కారణానికి తప్పు.

అందులోని నడిమి అక్షరం 'స్టాండర్డ్'ది. అంటే చలికాలపు టైము మాత్రమే, అన్ని దేశాల టైములకూ కొలతగా వాడే యూటీసీకి 6 గంటలు వెనక. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు గడియారాన్ని మూడుకు తిప్పుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. 2007 నుంచి ఇదే పద్ధతి. ఆ మధ్యకాలంలో డల్లాస్‌లో ఉండేది CDT, యూటీసీకి 5 గంటలే వెనక. కాబట్టి మార్చి 20న ఎవరైనా '1 PM CST' అన్నదాన్ని అక్షరాలా తీసుకుని లెక్క కడితే, డల్లాస్ గోడ గడియారంలో అప్పుడు రెండు గంటలవుతుంది. రాసినవాళ్ల మనసులో ఉన్నది ఒంటిగంట. ఎండాకాలంలో GMT అని రాసేవాళ్లతో లండన్‌కూ ఇదే ఇబ్బంది. అప్పుడు అక్కడ నడిచేది BST.

యూటీసీ తేడా రాయడం ఇంకో దారి: 'UTC-06:00'. లెక్కకు దీనంత కచ్చితమైనది లేదు. ఒక్క మీటింగ్‌కు, అదీ ఇంజినీర్ల మధ్య అయితే బాగుంటుంది. కానీ ఏ రోజుకు ఏ తేడా అన్నది రాసేవాళ్లే సరిగ్గా తెలుసుకుని రాయాలి. ఇక్కడొక చిక్కుంది. ఔట్‌లుక్ జాబితాలో సెంట్రల్ టైము ఏడాది పొడవునా ఇలాగే కనిపిస్తుంది:

```
(UTC-06:00) Central Time (US & Canada)
```

అది జోన్ పేరులో భాగం, ఎండాకాలంలో కూడా మారదు. దాన్ని చూసి ఏప్రిల్ మీటింగ్‌కు ఆరు గంటలు కట్టినవాళ్లను చూశాను. యాప్ లోపల లెక్క సరిగ్గానే చేస్తుంది. పేరు చూసి చేత్తో కూడినప్పుడే తప్పొస్తుంది.

నేను ఎప్పుడూ ఎంచుకునేది ఊరి పేరు: 'డల్లాస్‌లో మధ్యాహ్నం 1:00'. ఊరి పేరు చెబితే ఆ రోజు అక్కడ గడియారం ఎంత చూపిస్తే అంత. కాలం మారినా వాక్యం తప్పు కాదు. డల్లాస్‌లో ఉన్న మనిషి ఏ లెక్కా చేయనక్కర్లేదు. క్యాలెండర్ యాప్‌లు వాడే జోన్ల జాబితా కూడా ఊళ్ల పేర్ల మీదే నడుస్తుంది. మనది Asia/Kolkata, లండన్‌ది Europe/London, డల్లాస్‌కు విడిగా పేరు లేదు కాబట్టి America/Chicago వాడాలి.

గల్ఫ్‌కు పంపేటప్పుడు ఇంత ఆలోచన అక్కర్లేదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి అక్కడికి వెళ్లినవాళ్లతో ఇంటి విషయాలు మాట్లాడుకునే కాల్ అయినా, ఆఫీసు కాల్ అయినా, దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. రెండు చోట్లా గడియారాలు తిప్పరు, మన దగ్గరా తిప్పరు. ఏడాదంతా ఒకే తేడా. ఊరి పేరుతో ఒక్క లైన్ చాలు.

ప్రతి వారం జరిగే మీటింగ్‌ను ఎవరి గడియారానికి కట్టాలి

'ఇదే టైముకు' అన్న రెండు మాటల్లో అసలు నిర్ణయం దాగి ఉంది. ఎవరి టైము అదే ఉండాలి? ఐదు శనివారాలు మార్చి 6, 13, 20, 27, ఏప్రిల్ 3. ఈలోగా మార్చి 14 ఆదివారం డల్లాస్ గడియారం గంట ముందుకు తిరుగుతుంది. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అంటే 28న తిరుగుతుంది. మన గడియారం కదలదు.

డల్లాస్ ఒంటిగంటకు కడితే మొదటి రెండు వారాలు మనకు రాత్రి 12:30, తేదీ ప్రకారం ఆదివారం. 20 నుంచి మిగిలిన మూడు వారాలు రాత్రి 11:30, తేదీ ప్రకారం శనివారమే. గంటే కాదు, వారం పేరు కూడా మారిపోతుంది. లండన్‌లో మొదటి రెండు వారాలు సాయంత్రం 7, తర్వాత రెండు వారాలు 6, ఏప్రిల్ 3న మళ్లీ 7.

మన 12:30 కు కడితే మనకు ఐదు వారాలూ ఒకటే. డల్లాస్‌లో రెండు వారాలు ఒంటిగంట, మూడు వారాలు రెండు గంటలు. లండన్‌లో నాలుగు వారాలు 7, చివరి వారం 8.

యూటీసీకి కట్టడం మూడో దారి. మన గడియారం యూటీసీ నుంచి ఎప్పుడూ ఐదున్నర గంటల దూరంలోనే ఉంటుంది కాబట్టి ఫలితం మన టైముకు కట్టినట్టే. అందుకని నేను దీన్ని మనుషుల మీటింగులకు సూచించను, మెషీన్ దానంతటదే చేసే పనులకు వదిలేస్తాను. ఎవరి ఊరికీ చెందని టైమును ఎవరూ మనసులో పెట్టుకోరు.

ఎంచుకోవడానికి నేను అడిగేది ఒక్కటే: ఈ టైము ఇలా ఎందుకుంది? ఏ ఊళ్లో ఉన్న కారణం దీన్ని కదలనివ్వట్లేదో ఆ ఊరికి కట్టాలి. మన ఉదాహరణలో కారణం గోడౌన్. అది డల్లాస్ గడియారం ప్రకారం మూతపడుతుంది. మన టైముకు కడితే మార్చి 20 నుంచి గోడౌన్ ఆగిన గంట తర్వాత పని మొదలవుతుంది, ఆ గంట వృథా. కాబట్టి డల్లాస్‌కే కట్టాలి, కస్టమర్ పెద్దవాళ్లన్న మొహమాటం దీనికి కారణం కాదు. అదే వారం వారం మాట్లాడుకునే మామూలు కాల్ అయితే, ఆఖరి బస్సు రాత్రి పదింటికి అన్న ఇబ్బంది మన వైపుంటే, మన టైముకే కట్టమని ధైర్యంగా అడగాలి.

క్యాలెండర్‌లో కట్టడమంటే మీటింగ్ సృష్టించేటప్పుడు టైము పక్కనున్న టైమ్ జోన్‌ను మార్చడం. మడికొండలో కూర్చుని మామూలుగా చేస్తే యాప్ మన జోన్‌నే తీసుకుంటుంది, చాలా ఆహ్వానాలు చెడేది ఇక్కడే. జోన్‌ను సెంట్రల్ టైముకు మార్చి, టైము 1:00 PM, తేదీ మార్చి 6 ఇవ్వాలి. అప్పుడు ఆహ్వానం ఫైలులో ఇలా చేరుతుంది:

```
DTSTART;TZID=America/Chicago:20270306T130000
RRULE:FREQ=WEEKLY;COUNT=5
```

అదే టైము చివర Z తో ఉంటే అది యూటీసీకి కట్టిన మీటింగ్, మార్చి 14 తర్వాత డల్లాస్‌తో పాటు జరగదు. ఈ లైన్లు చూడటం అలవాటు లేనివాళ్లు యాప్‌లో మార్చి 20కి వెళ్లి చూస్తే చాలు. మనకు రాత్రి 11:30 కనిపించాలి. 12:30 కనిపిస్తే తప్పుగా కట్టారన్నమాట. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్ పక్కన కనిపించేలా పెట్టుకోవచ్చు, అది పెట్టుకుంటే ఈ పరిశీలన నిమిషం పని.

'తర్వాత ఐదు వారాలు' కూడా తేల్చాలి. మొదటిదానితో కలిపి ఐదా, అది కాక ఐదా? చివరి తేదీ రాస్తే ఆ ప్రశ్నే రాదు.

సరిచేశాక మెసేజ్ ఇలా ఉంటుంది:

```
రిలీజ్ కాల్, వారానికోసారి, మొత్తం 5 సార్లు
డల్లాస్: ప్రతి శనివారం మధ్యాహ్నం 1:00 (ఇదే ప్రమాణం)
మొదటిది 6 మార్చి 2027, చివరిది 3 ఏప్రిల్ 2027

వరంగల్:
6, 13 మార్చి: శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం, 12:30
20, 27 మార్చి, 3 ఏప్రిల్: శనివారం రాత్రి 11:30

లండన్ (శనివారం సాయంత్రం):
6, 13 మార్చి: 7:00
20, 27 మార్చి: 6:00
3 ఏప్రిల్: 7:00
```

రెండు లైన్లు పదయ్యాయి. 'ఇదే ప్రమాణం' అన్న మాట మాత్రం ఎవరు ఎంత కుదించమన్నా తీయొద్దు. మిగతా ఊళ్ల లెక్కలో ఎక్కడైనా పొరపాటు దొర్లితే ఏది నమ్మాలో అది చెబుతుంది. నైట్ క్యాబ్ బుక్ చేసే అతనికి కూడా ఇదే మెసేజ్ పంపాలి, మార్చి 20 నుంచి పికప్ గంట ముందే కావాలి కదా.

పంపేశాక తప్పు దొరికితే

కొత్త ఆహ్వానం పంపాలా, పాతదాన్నే మార్చాలా? పాతదాన్నే తెరిచి మార్చి, అందరికీ అప్‌డేట్ పంపండి. కొత్తది పంపితే పాతది కొందరి క్యాలెండర్‌లో మిగిలిపోయి, రెండు మీటింగులు కనిపిస్తాయి, ఎవరికి ఏది ముందు కనిపిస్తే వాళ్లు అందులో చేరతారు. ఒక్క సందర్భంలో మాత్రం కొత్తదే మేలు: పాతది వేరేవాళ్ల పేరు మీద ఉండి, మార్చే వీలు మీకు లేనప్పుడు. అప్పుడు ముందు వాళ్లచేత పాతది రద్దు చేయించి, ఆ తర్వాతే కొత్తది పంపండి.

అప్‌డేట్‌తో పాటు పంపే మెసేజ్‌లో 'మీటింగ్ గంట ముందుకు జరిగింది' అని రాయకండి. తొందరగా మొదలవుతుందని సగం మందికి, వాయిదా పడిందని మిగతా సగానికి అర్థమవుతుంది. 'వెనక్కి జరిగింది' అన్నా అంతే. పాత టైము, కొత్త టైము రెండూ పూర్తిగా రాయండి: '20 మార్చి శనివారం రాత్రి 12:30 అని పొరపాటుగా వెళ్లింది. సరైన టైము 20 మార్చి శనివారం రాత్రి 11:30.' తప్పు ఒకే తేదీలో ఉంటే ఆ ఒక్క తేదీనే మార్చాలి. మొత్తం వరసను కదిలిస్తే మిగతా వారాలు చెడతాయి. ప్రతి వారం మీటింగ్‌లో మార్పు చేసేటప్పుడు ఇదొక్కటా, అన్నీనా అని యాప్ అడిగే ప్రశ్నను చదవకుండా నొక్కొద్దు.

అప్‌డేట్ వెళ్లాక డల్లాస్‌లో ఒకరిని, లండన్‌లో ఒకరిని అడగండి: "మార్చి 20కి మీ ఫోన్‌లో ఎన్ని గంటలని చూపిస్తోంది?" సరిగ్గా ఉందా అని మాత్రం అడగొద్దు, ఉందనే అంటారు. అంకె చెప్పమనండి. డల్లాస్ నుంచి ఒంటిగంట, లండన్ నుంచి సాయంత్రం ఆరు అని జవాబు వస్తే ఆ ఆహ్వానం పని అయిపోయినట్టే.